ఇంటి మాటల్లో ఇంగ్లీషు – 7వ పాఠం: ‘కట్ చేయడం’ ఒక్క పని కాదు

ఈ వారం ‘ఓపెన్’, ‘క్లోజ్’ అనే మాటల గురించి చెప్పవలసి ఉంది. అయితే గత పాఠం చివర, ‘కట్’ బదులు తెలుగు క్రియ రాయమని ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూసిన తరువాత వాటిని పక్కన పెట్టి, మళ్ళీ ‘కట్’ దగ్గరికే రావలసి వచ్చింది. ‘కట్ చేశాను’ అన్నచోటల్లా చాలామంది ‘కత్తిరించాను’ అని రాశారు. ఒకరు ఉల్లిపాయలను కత్తిరించారు, ఇంకొకరు వరిని కత్తిరించారు, మరొకరు మరింత గ్రాంథికంగా ఉండాలని కాబోలు బెండకాయలను ఖండించారు. బెండకాయలను ఖండించానంటే అవి ఏదో ప్రకటన చేసినట్టూ, దానిని మీరు ఒప్పుకోనట్టూ ఉంటుంది.

కత్తిరించడమంటే కత్తెరతో చేసే పని. బట్ట, కాగితం, జుట్టు, మొక్కల కొసలు, ఇంతవరకే దాని పరిధి. తెలుగులో ఇటువంటి క్రియలను ఎన్నుకునేది చేతిలోని పనిముట్టు, ఎదుట ఉన్న వస్తువు, పని అయ్యాక ఆ వస్తువు మిగిలే తీరు. కొడవలితో వరిని కోస్తాము, గొడ్డలితో చెట్టును నరుకుతాము, చేతితో దారాన్ని తెంచుతాము, గోటితో చిగురును గిల్లుతాము. ప్రకాశం జిల్లా పల్లెల్లో జామాయిల్ తోట అమ్మినవారు కర్ర ‘కొట్టించాము’ అంటారే తప్ప కోయించామని అనరు. ఇంగ్లీషు మాట ఈ తేడాలన్నిటినీ ఒకే సంచిలో వేసింది కనుక, తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు ఒక మాటకు ఒక మాట వెతికితే పని జరగదు.

నెల్లూరు చేపల పులుసు వండే తీరును నేడు చాలా ఇళ్ళలో ఇలా చెబుతారు: ‘చేపను కట్ చేయించి, ఉల్లిపాయలు చిన్నగా కట్ చేసి, పచ్చిమిర్చి మధ్యలోకి కట్ చేసి, మామిడికాయ పెద్దగా కట్ చేసి, చివర కొత్తిమీర కట్ చేసి వేయాలి.’ దీనినే ఇలా చెప్పవచ్చు: ‘చేపను కోయించుకుని, ఉల్లిపాయలు తరిగి, పచ్చిమిరపకాయలు చీరి, మామిడికాయను పెద్ద ముక్కలుగా కోసి, చివర కొత్తిమీర తుంచి వేయాలి.’

రెండవ వాక్యంలో ‘చిన్నగా’, ‘మధ్యలోకి’ అనే మాటలు వాటంతట అవే రాలిపోయాయి. తరగడంలోనే ముక్క చిన్నదన్న అర్థం ఉంది. చీరడంలో కాయ నిలువునా విచ్చుకోవాలనీ, తొడిమ దగ్గర విడిపోకూడదనీ ఉంది. తుంచడంలో కత్తి అవసరం లేదన్న సంగతి ఉంది. మీరు మార్చిన వాక్యంలో ఇటువంటి విశేషణాలు ఇంకా వేలాడుతూ ఉంటే, ఎంచుకున్న క్రియ సరైనది కాకపోవచ్చునని అనుమానించండి.

‘కట్ అయింది’ అన్నది వేరే సంగతి. దారమైనా, తీగైనా, చెరువు కట్టైనా తెగుతుంది. కరెంటు మాత్రం తెగదు, పోతుంది. వేళలు చెప్పి మరీ ఆపితే అది కరెంటు కోత. (‘విద్యుచ్ఛక్తి’ అని దిద్ది పంపినవారికి మనవి: కరెంటును నేను మార్చను, ఎవరినీ మార్చమనను.) జీతం కట్ అయితే ‘రెండు రోజుల జీతం పట్టుకున్నారు’ అనాలి. ఫోను కట్ అయినప్పుడు ‘మాట్లాడుతుండగా ఆగిపోయింది’ అనడం కన్నా మెరుగైన మార్గం నాకు కనిపించలేదు, అది కూడా పూర్తి అర్థం ఇవ్వదు. మాట మధ్యలో ఆగిందని తెలుస్తుంది గానీ, అవతలివారు కావాలని పెట్టేశారో, సిగ్నల్ పోయిందో తెలియదు. వారే పెట్టేస్తే ‘ఫోను పెట్టేశారు’ అనే మాట ఉండనే ఉంది.

అభ్యాసం: ఈ వాక్యాలలో ‘కట్’ను తీసివేసి తిరిగి రాయండి. ‘కత్తిరించు’ ఒక్కచోట మాత్రమే సరిపోతుంది, మరొకచోట క్రియ కాక నామం కావాలి.

టైలర్ జాకెట్టు గుడ్డ కట్ చేశాడు. చీమకుర్తిలో రాయిని మిషనుతో కట్ చేస్తారు. గాలికి కేబుల్ కట్ అయింది. వేసవిలో రోజూ పవర్ కట్. మేక మాంసం కట్ చేయించుకుని రా. అడ్వాన్సు కట్ చేసుకుని మిగతా కూలి ఇచ్చారు. గోంగూర కట్టలు విప్పి ఆకు కట్ చేయి.

చివరిదానిలో మొదటి ‘కట్ట’ తెలుగుదే, దానిని ముట్టుకోవద్దు. రెండవదానికి కత్తి పట్టుకోకుండా, ఇంట్లో గోంగూర పచ్చడి చేసేవారిని అడిగి రాయండి. వారు ఆకును కాడ నుంచి ఎలా వేరు చేస్తారో చూసి, ఆ చేతి పనిని ఒక వాక్యంలో వర్ణించి జత చేయండి.