గివ్‌అవేకి పేర్లు వందల్లో వచ్చాయి, జాకెట్టు ఆర్డర్లు మాత్రం రాలేదు

విజయనగరంలో మాది మగ్గం వర్క్ జాకెట్లు కుట్టే చిన్న షాపు. మాకు కావాల్సింది ముఖ్యంగా పెళ్లికూతుళ్లు. వాళ్ల కోసం రెండుసార్లు గివ్‌అవే పెట్టాం. మొదటిసారి చేసిన పొరపాట్లు, వాటిని సరిదిద్దుకున్న తీరు ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: పేర్లు వస్తున్నాయి, షాపుకి ఎవరూ రావడం లేదు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో మిక్సీ బహుమతి అని ప్రకటించి, వాట్సాప్‌లో పేరు పంపితే చాలన్నాం. 640 పేర్లు వచ్చాయి. డ్రా అయ్యాక అందరికీ మా డిజైన్లు పంపిస్తే ముగ్గురే ధర అడిగారు. వాళ్లలో ఒక్కరూ ఆర్డర్ ఇవ్వలేదు. మిక్సీకి అయిన 3,500 రూపాయలు అలాగే పోయాయి.

కారణం: మిక్సీ ప్రతి ఇంట్లోనూ పనికొస్తుంది. దాని కోసం పేరు పంపినవారికి జాకెట్టు కుట్టించుకునే ఆలోచన ఉందో లేదో మాకు తెలిసే దారి లేదు. మీ బహుమతిని పరీక్షించడానికి ఒక్క ప్రశ్న వేసుకోండి: మన దగ్గర కొనే అవసరం లేనివాళ్లకు ఇది ఎందుకైనా పనికొస్తుందా? పనికొస్తే వాళ్లే ఎక్కువమంది వస్తారు. చీరకి ఫాల్, పీకో ఉచితం అందామని తర్వాత అనుకున్నాం. అదీ ఈ పరీక్షలో నిలవలేదు, చీర ఉన్న ప్రతి ఒక్కరికీ అది కావాలి.

పరిష్కారం: బహుమతిని మా పనిలోంచే తీశాం. పెళ్లికూతురు చీర తీసుకొస్తే, ఆ రంగుకు సరిపోయే మా గుడ్డ ముక్క మీద, ఆమె ఎంచుకున్న జరీ, పూసలతో ఒక బుటా కుట్టి ఉచితంగా ఇస్తాం. మాకు గంట పని, సామానుతో కలిపి సుమారు 150 రూపాయలు. పెళ్లి లేనివారికి రెండంగుళాల బుటాతో పని లేదు. పెళ్లి ఉన్నవారికి మాత్రం అది చాలా విలువైనది, ఎందుకంటే ఫోన్‌లో చూసిన డిజైన్ తన చీర పక్కన ఎలా ఉంటుందో కళ్లారా తెలుస్తుంది. చీరకి వచ్చిన జాకెట్టు గుడ్డను ముట్టుకోం కాబట్టి అది పాడవుతుందన్న భయమూ ఉండదు.

షరతులు రెండే: చీర కొని ఉండాలి, ముహూర్తం తేదీ చెప్పాలి. ఇంకా చీర కొననివాళ్లకు, కొన్నాక రండమ్మా అని చెప్పి నంబరు రాసుకున్నాం.

డ్రా కూడా మానేశాం. అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టే లాటరీలు, పోటీలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల కింద పేర్కొంటుంది. షరతుకు సరిపోయిన మొదటి 15 మందికీ ఇస్తాం అంటే అదృష్టం ప్రసక్తే ఉండదు.

సమస్య: షరతులు పెట్టాక చాలా తక్కువమంది వస్తున్నారు

మొదటి వారంలో నలుగురే వచ్చినప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. షరతులు తీసేద్దామా అనిపించింది. తీయకండి, ముందు సమయం సరిగ్గా ఉందో లేదో చూడండి. మేము ఆషాఢంలో పెట్టాం. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, శ్రావణ ముహూర్తాల వాళ్లు చీరలు కొని జాకెట్ల కోసం తిరుగుతుంటారు. మొదటిసారి ఉత్సవానికి ఊళ్ల నుంచి వచ్చిన జనం కళ్లముందు ఉన్నారు గానీ వాళ్లు వచ్చింది అమ్మవారి కోసం. ఆషాఢంలో చీరల షాపుల కౌంటర్ దగ్గర మా కార్డు పెట్టించాక మిగతావాళ్లు వచ్చారు. మొత్తం 14 మంది.

సమస్య: బుటా తీసుకెళ్లి మళ్లీ రావడం లేదు

ధర వెంటనే చెప్పకపోవడమే ఇక్కడ మేము చేసిన తప్పు. బుటా చూసి ఇష్టపడ్డాక కూడా మొత్తం జాకెట్టుకు ఎంతవుతుందో తెలియక వెళ్లిపోయేవారు. తర్వాత బుటాతో పాటు ఒక చీటీ ఇచ్చాం. అందులో చేతులకే వర్క్ అయితే ఎంత, వీపు కూడా అయితే ఎంత, ముహూర్తానికి అందాలంటే కొలతలు ఏ తేదీలోపు ఇవ్వాలి అన్నది ఉండేది. కొలతల ప్రకారం గుర్తులు పెట్టిన గుడ్డనే మగ్గం మీద బిగించి, వర్క్ అయ్యాకే కత్తిరించి కుడతాం కాబట్టి, కొలతలు ఆలస్యమైతే ఏం చేయలేం. ఆ గడువు నిజమైనది, అందుకే పనిచేసింది. రెండు రోజుల తర్వాత ఒక్కసారి ఫోన్ చేసి, "అమ్మా, బుటా ఇంట్లోవాళ్లకి నచ్చిందా?" అని అడిగేవాళ్లం.

కొందరు ఆ బుటాను చూపించి వేరేచోట కుట్టించుకుంటారు. దాన్ని ఆపలేం. పూర్తి డిజైన్ గీసిన కాగితం మాత్రం అడ్వాన్సు ఇచ్చాకే ఇవ్వండి.

14 మందిలో ఆరుగురు ఆర్డర్ ఇచ్చారు. బుటాలకు అయిన 2,100 రూపాయలను ఆరుకి పంచితే ఒక్కో ఆర్డర్‌కి 350. ఆరుగురిలో ఇద్దరు తమ చెల్లెళ్ల జాకెట్లు కూడా ఇచ్చారు. ఈసారి 15 మంది పరిమితిని 12కి తగ్గిస్తున్నాను. శ్రావణంలో ముహూర్తాలన్నీ దగ్గరదగ్గరగా పడితే మా ఇద్దరు పనివాళ్లకు అంతకంటే ఎక్కువ జాకెట్లు అందించడం కష్టం.