పండక్కి ఆయన వచ్చే ముందే చూసుకోవాల్సిన లెక్క

పని కోసం భర్త ఊరికి దూరంగా ఉండి, సంక్రాంతికో దసరాకో నాలుగు రోజులు ఇంటికి వచ్చే జంటల్లో చాలామంది ఏ గర్భనిరోధక పద్ధతీ వాడరు. నెలల తరబడి ఒంటరిగా ఉండే మనిషికి రోజూ మాత్ర ఎందుకు, ఆ నాలుగు రోజులూ ఆయనే జాగ్రత్తగా ఉంటాడులే అనుకుంటారు. ఇక్కడ జాగ్రత్త అంటే వీర్యం పడేలోపు బయటికి తీసేయడమే. మొదటి బిడ్డకు ఇంకా ఏడాది కూడా నిండని ఇళ్లలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. రెండో బిడ్డ తర్వాత ఎలాగూ ఆపరేషన్ చేయించుకుంటాం కదా, అప్పటిదాకా ఇలా నెట్టుకొద్దాం అనుకుంటారు.

ఈ పద్ధతి అసలు పనిచేయదని చెప్పడం లేదు. ఏమీ వాడకపోవడం కంటే ఇది కచ్చితంగా మేలే. కానీ వంద జంటలు ఏడాది పాటు దీన్నే నమ్ముకుంటే, ఆ ఏడాదిలో సుమారు 20 మందికి గర్భం వస్తుంది. ప్రతిసారీ ఒక్క పొరపాటూ లేకుండా చేయగలిగితే ఆ సంఖ్య 4 దాకా తగ్గుతుంది. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఎక్కడ నుంచి వస్తోందో తెలిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

ముందు వీర్యం కంటే ముందే వచ్చే జిగురు ద్రవం సంగతి చూద్దాం. ఉద్రేకం మొదలైన కాసేపటికి పురుషాంగం చివర పారదర్శకంగా ఒకటి రెండు చుక్కలు కనిపిస్తాయి. అవి మూత్రనాళం పక్కనే ఉండే చిన్న గ్రంథుల నుంచి వస్తాయి. మగవాడికి అవి వస్తున్నట్టు తెలియదు, ఆపడం కూడా అతని చేతిలో లేదు. ఆ గ్రంథుల్లో వీర్యకణాలు తయారుకావు కాబట్టి అది ఉట్టి నీరే అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. కానీ ఆ ద్రవం బయటికి వచ్చేది వీర్యం వచ్చే దారిలోనే. 2011లో బ్రిటన్‌లో అచ్చయిన ఒక అధ్యయనంలో 27 మంది మగవాళ్ల నుంచి ఈ ద్రవాన్ని తీసి పరీక్షిస్తే, 11 మంది నమూనాల్లో వీర్యకణాలు కనిపించాయి. వాళ్లలో 10 మందికి అవి కదులుతూ కూడా ఉన్నాయి. అంతకుముందు జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో అసలు కనిపించలేదు. అంటే కొందరిలో ఉంటాయి, కొందరిలో ఉండవు. మీ ఆయన ఏ వర్గమో మామూలు చూపుకి తెలిసే మార్గం లేదు. కనిపించినవాళ్లలో కూడా వాటి సంఖ్య తక్కువే, కాబట్టి ఈ చుక్కల వల్లే గర్భం వచ్చే అవకాశం కూడా తక్కువే. అయితే తక్కువ అన్నంత మాత్రాన లేదని కాదు.

అదే రాత్రి రెండోసారి కలిసినప్పుడు ఇంకాస్త జాగ్రత్త అవసరం. మొదటిసారి వీర్యం కొంత మూత్రనాళంలో మిగిలి ఉండొచ్చు. మధ్యలో మూత్రానికి వెళ్లి వస్తే కొంత కడుక్కుపోతుంది గానీ పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నిజం చెప్పాలంటే ఎక్కువ గర్భాలకు కారణం ఆ చుక్కలు కావు, ఆలస్యం. వీర్యం ఒక్కసారిగా రాదు, కొద్దికొద్దిగా విడతలుగా వస్తుంది. వీర్యకణాలు ఎక్కువగా ఉండేది మొదటి విడతల్లోనే. ఒక్క క్షణం ఆలస్యమైతే లోపల పడేది సరిగ్గా అదే. నెలల తర్వాత కలిసినప్పుడు, కాస్త తాగి ఉన్నప్పుడు, పక్క గదిలో చుట్టాలున్నారన్న టెన్షన్‌లో ఆ క్షణాన్ని పట్టుకోవడం కష్టం. బయటికి తీశాక యోని ద్వారం దగ్గరే వీర్యం పడినా వీర్యకణాలు లోపలికి ఈదుకుంటూ వెళ్లగలవు. ఇంత భారమూ ఒక్క మనిషి నిగ్రహం మీద పెట్టి, ఫలితం మాత్రం ఇంకొకరి కడుపులో మోయించడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇప్పుడు రోజుల లెక్క చూద్దాం. ఒకామెకు నెలసరి 28 నుంచి 32 రోజులకు వస్తుందనుకోండి. జనవరి 1న మొదలైంది. ఆయన 12న వచ్చి, భోగి, సంక్రాంతి, కనుమ చూసుకుని 17న వెళతాడు. తర్వాతి నెలసరి జనవరి 29కీ ఫిబ్రవరి 2కీ మధ్య రావాలి. అండం విడుదలయ్యేది దానికి సుమారు రెండు వారాల ముందు, అంటే జనవరి 15 నుంచి 19 మధ్య ఎప్పుడైనా. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు కాబట్టి 10వ తేదీ నుంచే ప్రమాదం ఉన్నట్టు. ఆయన ఇంట్లో ఉన్న ప్రతి రాత్రీ ఆ ప్రమాదపు రోజుల్లోనే పడింది. అండం ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఇది మారదు. ఇక బాలింతలైతే ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ప్రసవం తర్వాత మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావొచ్చు. అందుకే ఇంకా డేట్ రాలేదు కాబట్టి భయం లేదనుకోవడం సరికాదు.

అందుకే ఏర్పాటు ఆయన బస్సెక్కకముందే జరగాలి. నాలుగు రోజుల అవసరానికి అన్నిటికంటే తేలిక కండోమ్. ఆశా కార్యకర్త దగ్గర నిరోధ్ దొరుకుతుంది. దాన్ని చివర్లో తొడగడం పెద్ద పొరపాటు, మొదటి స్పర్శకు ముందే తొడగాలి. కొబ్బరినూనె, వాసెలీన్ రాస్తే రబ్బరు చిరుగుతుంది. అయిపోయాక కండోమ్ అంచును పురుషాంగం మొదలు దగ్గర పట్టుకుని, మెత్తబడకముందే బయటికి తీయాలి. బయటికి తీసే అలవాటున్న జంట కండోమ్‌తో పాటు ఆ అలవాటు కూడా కొనసాగిస్తే ఇంకా మంచిది. సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడేది కండోమే, బయటికి తీయడం ఆ పని చేయదు.

ఏడాదిలో ఇలాంటి రాకపోకలు చాలా ఉంటే, బిడ్డకూ బిడ్డకూ మూడేళ్లు ఎడం కావాలనుకుంటే, కాపర్-టీ గురించి పీహెచ్‌సీలో అడగండి. వేయించుకున్న రోజు నుంచే పనిచేస్తుంది, పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు, వద్దనుకున్న రోజు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తారు. నెలసరి మొదలైన వారంలోపు వేయించుకోకపోతే మాత్రం మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి.

అంతా చూసుకున్నా ఒక రాత్రి లోపల పడిందనుకోండి. లోపల నీళ్లు పోసి కడుక్కోవడం వల్ల ఉపయోగం లేదు, గెంతడం వల్లా లేదు. లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఎమర్జెన్సీ మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఈ మాత్ర అండం విడుదలను వెనక్కి జరుపుతుంది. అప్పటికే విడుదలైతే పనిచేయకపోవచ్చు. పై లెక్కలో 16వ తేదీ రాత్రి పొరపాటు జరిగితే సరిగ్గా ఆ అనుమానమే వస్తుంది, అలాంటప్పుడు ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకోవడం మాత్ర కంటే చాలా నమ్మకమైనది. ఇంకో మాట, మాత్ర వేసుకున్న తర్వాతి రాత్రులకు అది రక్షణ ఇవ్వదు.

ఆ తర్వాత వచ్చే కొద్దిపాటి రక్తపు మరకను చూసి నెలసరి వచ్చేసిందని ఊపిరి పీల్చుకోవద్దు. చివరిసారి కలిసిన రోజు నుంచి మూడు వారాలకు, అంటే పై లెక్కలో 17 నుంచి చూస్తే ఫిబ్రవరి 7న, ఉదయం మొదటి మూత్రంతో కిట్‌లో చూసుకుంటే ఫలితం నమ్మొచ్చు. రెండు గీతలు వచ్చి ఈ గర్భం వద్దనుకుంటే మందుల షాపులో మాత్రలు కొని సొంతంగా మింగకండి. గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు, పెళ్లయినా కాకపోయినా, అర్హత ఉన్న ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. ఎంత ముందు వెళితే అంత తేలిక, కాబట్టి కిట్‌లో గీత చూసిన వారంలోనే వెళ్లండి.