పోస్టర్ మీద n = 60 అని ఉంది, నిజంగా ఎన్ని?

పోస్టర్ సెషన్‌లో జడ్జిగా నిలబడితే ఒక్కో పోస్టర్‌కి దొరికేది మహా అయితే పది నిమిషాలు. అందులో నన్ను ఎక్కువసార్లు తప్పుదారి పట్టించిన సమస్య ఒకటుంది. దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతా రెండూ క్లుప్తంగా.

సమస్య 1: ఎర్రర్ బార్లు మరీ చిన్నగా ఉన్నాయి, p విలువ మరీ బాగుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బ్యాక్టీరియా కలిపితే మొలకల వేరు పొడవు పెరుగుతుందా అన్నది ప్రశ్న. బ్యాక్టీరియా ఉన్న డిష్‌లు మూడు, లేనివి మూడు, ఒక్కో డిష్‌లో 20 మొలకలు. పోస్టర్ మీద రెండు బార్లు, 41 మి.మీ., 47 మి.మీ. కింద "n = 60, p < 0.001". చూడ్డానికి చక్కగా ఉంటుంది, ఇక్కడే చాలామంది జడ్జిలు మార్కులు వేసేసి పక్క పోస్టర్‌కి వెళ్లిపోతారు.

అడగాల్సిన ప్రశ్న చాలా మామూలుది. "ఈ 60 అంటే ఏంటమ్మా?" "60 మొలకలు సార్." "మరి బ్యాక్టీరియా కలిపింది మొలకకా, డిష్‌కా?" ఇక్కడ ఆ అమ్మాయి కాసేపు ఆగి, గ్రాఫ్ వైపు తిరిగి, "డిష్‌కి" అంటుంది.

కారణం అదే. ఒకే డిష్‌లోని 20 మొలకలు ఒకే జెల్, ఒకే తేమ, ఒకే వెలుతురు పంచుకుంటాయి కాబట్టి అవి 20 విడివిడి సాక్ష్యాలు కావు. చికిత్స దేనికి ఇచ్చారో దాన్నే లెక్కపెట్టాలి, అంటే ఇక్కడ ఒక్కో వైపు n = 3. ఈ పొరపాటుకి 1984లో జీవావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు. ఇది మోసం కాదు. ల్యాబ్‌లో స్కేలు పట్టుకుని 120 వేళ్లు కొలిచిన మనిషికి 120 కొలతలు ఉన్నాయనిపించడం సహజమే.

తేడా ఎంత వస్తుందో లెక్క వేసి చూడండి. మొలకల స్టాండర్డ్ డీవియేషన్ 9 మి.మీ. అనుకుంటే, దాన్ని √60తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 1.2 మి.మీ. ఎర్రర్ బార్లు చిన్నగా కనబడింది అందుకే. ఇప్పుడు డిష్ సగటులు తీసుకుందాం: లేనివి 38, 44, 41, ఉన్నవి 43, 52, 46. తేడా అదే 6 మి.మీ., కానీ ఆ తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 3.2, t విలువ 1.9, p దాదాపు 0.13. బ్యాక్టీరియా పనిచేయలేదని దీని అర్థం కాదు, మూడేసి డిష్‌లతో ఆ మాట తేల్చలేమని మాత్రమే.

పరిష్కారం ఏంటంటే, బార్లు తీసేసి ఆరు డిష్ సగటులని ఆరు చుక్కలుగా పెట్టమనండి, గ్రాఫ్ కింద n అంటే ఏంటో, ఎర్రర్ బార్ చూపేది స్టాండర్డ్ డీవియేషనా స్టాండర్డ్ ఎర్రరా ఒక్క వాక్యంలో రాయమనండి. ప్రతి మొలక డేటా వాడాలంటే డిష్‌ని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి మిక్స్‌డ్ మోడల్ వేయొచ్చు, అయినా మూడు డిష్‌లు మూడే, మోడల్ వాటిని పెంచదు. తర్వాతి ప్రయోగంలో డిష్‌కి 20 బదులు 8 మొలకలు పెట్టి డిష్‌లు పెంచడం మేలు.

ఇంకో ప్రశ్న కూడా వదలకండి: డిష్‌లు ఎక్కడ పెట్టారు? బ్యాక్టీరియా ఉన్నవన్నీ పై అరలో, లైటుకి దగ్గరగా ఉంటే, ఆ 6 మి.మీ. వెలుతురుదా బ్యాక్టీరియాదా అన్నది ఏ టెస్టూ విడదీయలేదు. స్థానాలు చీటీలు వేసినట్టు కలగలిపి, ప్రయోగం మళ్లీ చేయాల్సిందే.

సమస్య 2: రెండు నిమిషాలు చదివినా ఏం కనుక్కున్నారో తెలియట్లేదు

సాధారణంగా థీసిస్ వరుసనే పోస్టర్‌గా అతికిస్తే ఇలా అవుతుంది. పరిచయమే సగం ఉంటుంది, ఫలితం ఎక్కడో కింద మూలన. "వేరు పెరుగుదలపై బ్యాక్టీరియా ప్రభావం" అనేది విషయం మాత్రమే, ఏం తేలిందో అందులో లేదు. పోస్టర్ వైపు చూడకుండా ఒక్క వాక్యంలో చెప్పమనండి. నోటితో తేలిగ్గా చెప్పగలిగితే లోపం కాగితంలో ఉన్నట్టు, ఆ వాక్యాన్నే శీర్షికగా పెట్టుకోమనండి. చెప్పలేకపోతే ప్రశ్నే ఇంకా తేలలేదన్నమాట, అప్పుడు రంగులు, ఫాంట్ల గురించి సలహా ఇచ్చి లాభం లేదు.

సమస్య 3: బాగా మాట్లాడినవాళ్లకే మీ మార్కులు పోతున్నాయి

టెన్షన్‌లో తడబడేవాళ్ల డిజైన్ గట్టిగా ఉండొచ్చు, గడగడా చెప్పేవాళ్లది బలహీనంగా ఉండొచ్చు. ప్రసంగమైతే ఇది ఇంకా ఎక్కువ, గొంతు మనల్ని లాగేస్తుంది. అందుకే నేను స్పష్టతకీ పటిష్ఠతకీ రెండు వేర్వేరు గడులు పెట్టుకుంటాను. పటిష్ఠత గడిలో ముందు మార్కు వేయను, అసలు n ఎంతో, కంట్రోల్‌కి బ్యాక్టీరియా లేని అదే ద్రవం కలిపారో లేదో రాసుకుంటాను. ఆ రెండూ రాయలేకపోతే ఇంకా అడగాల్సింది ఉన్నట్టే, వెనక్కి వెళ్లి అడుగుతాను.