బకెట్లో వేలు ముంచకుండా: చలికాలం ముందు హీటర్ రాడ్ లెక్క

రాడ్ వేసి పది నిమిషాలయ్యాక, కాగాయో లేదోనని బకెట్లో వేలు ముంచి చూడటం చాలా ఇళ్లలో అలవాటు. షాక్ కొట్టే క్షణం అదే. నీళ్లు ఎన్ని నిమిషాల్లో కాగుతాయో ముందే తెలిస్తే వేలు ముంచాల్సిన పనే ఉండదు. అందుకే రాడ్‌ను అటక మీద నుంచి దించకముందే ఈ లెక్క ఒకసారి వేసి గోడ మీద రాసిపెట్టుకోండి.

లెక్క ఇంతే:

నిమిషాలు = లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు × 70 ÷ వాట్లు

ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4,186 జౌళ్ల శక్తి కావాలి. ఒక వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. సెకన్లను నిమిషాల్లోకి మారిస్తే 4,186 ÷ 60, అంటే దాదాపు 70. వాట్లు ఎన్నో రాడ్ పిడి మీదో పెట్టె మీదో ఉంటుంది. బకెట్ లీటర్లను మాత్రం కంటితో అంచనా వేయొద్దు. లీటరు సీసాతో ఒక్కసారి పోసి కొలిచి, రోజూ నింపే చోట గీత పెట్టండి.

ఉదాహరణకు తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలున్నాయి, స్నానానికి 45 కావాలి అనుకుందాం. పెరగాల్సింది 25 డిగ్రీలు. 20 లీటర్లు, 1500 వాట్ల రాడ్. 20 × 25 × 70 ÷ 1500 చేస్తే 23 నిమిషాల పైచిలుకు వస్తుంది. బకెట్ గోడల నుంచీ పైనుంచీ పోయే వేడికి రెండు మూడు నిమిషాలు కలిపితే 26. అదే 1000 వాట్ల రాడ్ అయితే 35, పోయే వేడితో కలిపి 39 దాకా పడుతుంది. ఎన్ని యూనిట్లో తెలియాలంటే లీటర్లను డిగ్రీలతో గుణించి 860తో భాగించండి: 500 ÷ 860, అంటే 0.58 యూనిట్. రాడ్ చిన్నదైనా పెద్దదైనా యూనిట్లు దాదాపు ఇంతే, మారేది సమయమే.

సగం బకెట్ బాగా మరగబెట్టి చన్నీళ్లు కలుపుకుంటే కరెంటు మిగులుతుందని కొందరి నమ్మకం. పది లీటర్లను 20 నుంచి 70కి తెచ్చినా అదే 500, ఇరవై లీటర్లను 45కి తెచ్చినా అదే 500. పైగా మరిగే నీళ్ల నుంచి ఆవిరిగా పోయే వేడి ఎక్కువ. నిజంగా మిగిలేది నీళ్లు పట్టే చోట. ఆదిలాబాద్ వైపు చలి ముదిరినప్పుడు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, ట్యాంకు నీళ్లూ దాంతోపాటే చల్లబడతాయి. బోరులోంచి అప్పుడే పైకొచ్చిన నీళ్లు మాత్రం తెల్లవారుజామున కూడా గోరువెచ్చగా ఉంటాయి. ఆ తేడా పది డిగ్రీలుంటే ఒక బకెట్‌కు 0.23 యూనిట్, 1500 వాట్ల రాడ్ మీద తొమ్మిది నిమిషాలు ఆదా. నీళ్ల ఉష్ణోగ్రత కొలవడానికి వంటింటి థర్మామీటర్ పనికొస్తుంది. జ్వరం చూసేది పనికిరాదు, అది ఇంత చల్లటి నీళ్ల డిగ్రీలు చూపించదు.

లెక్క తప్పేది వోల్టేజీ దగ్గర. ఊళ్లో ఉదయం పూట 230 ఉండాల్సింది 190కి పడితే రాడ్ శక్తి 190/230 వంతు కాదు, దాని వర్గమంత, అంటే 68 శాతం మాత్రమే అందుతుంది. 1500 వాట్ల రాడ్ వెయ్యి చిల్లర వాట్లదైపోతుంది, 23 నిమిషాల పనికి 34 పడుతుంది. ఇలాంటి చోట ఇంకా కాగలేదేమిటని అనుమానమొచ్చి చెయ్యి పెడతారు. మొదటి వారంలో ఒకరోజు కరెంటు తీసేశాక థర్మామీటర్‌తో చూసి, మీ ఇంటి నిమిషాలు సరిచేసుకోండి.

ఇంతకీ షాక్ ఎందుకు కొడుతుంది? రాడ్ గొట్టం లోపల సన్నటి నిక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా, పిడి దగ్గర సీలు పగిలినా, ఆ పొడి తేమ పీల్చి కరెంటును బయటికి వదులుతుంది. చిత్రమేమిటంటే అప్పుడు కూడా రాడ్ శుభ్రంగా కాగబెడుతూనే ఉంటుంది, చూస్తే ఏ తేడా కనిపించదు. ఎంసీబీ కూడా పడదు, ఎందుకంటే అది చూసేది 16 ఆంపియర్లు దాటిందా లేదా అని. తడి చేతి గుండా మనిషిని పట్టేయడానికి ఆంపియర్‌లో వందో వంతో, దానికి రెట్టింపో చాలు. దీన్ని పసిగట్టి కరెంటు తెంపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇంట్లో ఉంటే దాని టెస్ట్ బటన్ ఇప్పుడే నొక్కి చూడండి, టక్కున పడాలి. పడకపోతే రాడ్ తీయకముందే అది మార్చాలి.

ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. సాకెట్‌లో పై పెద్ద రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉందని నమ్మకం లేదు. మూడో పిన్ను కోసేసిన రాడ్‌నూ, రెండు పిన్నుల రాడ్‌నూ వాడొద్దు. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్ దాన్ని మోయలేదు, 16 ఆంపియర్లదే కావాలి. పది నిమిషాలు వాడి, స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు చూడండి. నల్లబడినా, ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా లోపల పట్టు వదులైందన్నమాట. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాడ్ అసలే వద్దు.

పని వరస ఇది. ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి, ఇనుప బకెట్, అల్యూమినియం గంగాళం వద్దు. ముందు నీళ్లు, తర్వాత రాడ్, ఆ తర్వాత ప్లగ్గు, చివర్న స్విచ్. నీళ్లు రాడ్ మీది కనీస గీతకు పైన ఉండాలి. రాడ్ కింది గొట్టపు చుట్ట బకెట్ గోడకు తగలకుండా, వీలైనంత అడుగున వేలాడాలి. వేడి నీళ్లు పైకే చేరతాయి కాబట్టి, చుట్ట పైనే ఉంటే పైన పొగలు కక్కి అడుగున చల్లగా మిగులుతాయి. ఫోన్‌లో 26 నిమిషాలకు అలారం పెట్టండి, తలుపు వేసి పిల్లల్ని అటు రానివ్వకండి. మోగాక స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి. స్విచ్ ఒక్కటే చాలదు, వైరింగ్‌లో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉంటే ఆపినా రాడ్‌లో ఫేజు ఉంటుంది. అర నిమిషం ఆగి రాడ్ తీసి, నీళ్లు కలిపి, అప్పుడు చెయ్యి పెట్టండి. మరిచిపోతే? 20 లీటర్లు మరగడానికి గంటంపావు పడుతుంది, అంతకు చాలా ముందే ప్లాస్టిక్ మెత్తబడటం మొదలవుతుంది.

ఉప్పు బోరు నీళ్ల ఊళ్లలో చుట్ట మీద తెల్లటి గార పేరుకుంటుంది. దానివల్ల బిల్లు పెద్దగా పెరగదు, వేడి చివరికి నీళ్లలోకే వెళ్తుంది. కానీ గార అడ్డుపడి గొట్టం అతిగా కాగి చిట్లుతుంది. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో చుట్ట వరకు నానబెట్టి తోమండి, పిడి తడవకూడదు. కత్తితో గీకితే చిల్లు మీరే పెట్టినట్టు.

గీజర్‌కూ ఇదే సూత్రం. 15 లీటర్లు, 2000 వాట్లు, 20 నుంచి 60 డిగ్రీలకు 21 నిమిషాలు, 0.7 యూనిట్. వేసవంతా ఆపి ఉంచిన గీజర్‌ను మొదటిసారి వేసేముందు వేడినీళ్ల కొళాయి తిప్పి, గాలి చప్పుడు పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగండి. ట్యాంకు ఖాళీగా ఉండగా స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది.