ఛార్జర్ పెట్టినా శాతం తగ్గుతోందా? వేసవిలో ఫోన్ రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంటే

మే నెల, చెన్నై వేళచ్చేరిలో ఒక ఫ్లాట్ గృహప్రవేశం అనుకుందాం. ఫోన్‌ను హోమగుండానికి దగ్గరగా స్టాండుకు బిగించి, ఫాస్ట్ ఛార్జర్ పెట్టి, 4K 60 అనే పెద్ద క్వాలిటీలో వీడియో మొదలుపెట్టారు. కాసేపటికి స్క్రీన్ మసకబారింది, ఛార్జింగ్ ఆగింది, చివరికి రికార్డింగే ఆగిపోయింది. "ఫోన్ పాతదైపోయింది బాబాయ్, కొత్తది కొనాలి" అంటాడు ఇంట్లో కుర్రాడు. తొందరపడకండి.

ముందు ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి

చల్లగానే ఉండి శాతం తగ్గుతుంటే లోపం చాలావరకు కేబుల్‌లోనో, బలం చాలని ఛార్జర్‌లోనో ఉంటుంది. మార్చి చూస్తే తేలిపోతుంది.

కాలుతుంటే మాత్రం కారణం వేడే. లిథియం బ్యాటరీని సుమారు 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేస్తే పాడవుతుంది. అందుకే ఫోన్ తనంతట తానే ఛార్జింగ్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని ఆపిల్ చెబుతుంది. ఏసీ లేని గదిలో చెన్నై మే నెల ఆ హద్దు దగ్గరే ఉంటుంది. దానికి కెమెరా, ఫాస్ట్ ఛార్జింగ్, పక్కనే నిప్పు తోడయ్యాయి.

ముందే నూరు శాతం ఎక్కించి, ఛార్జర్ తీసేసి మొదలుపెట్టండి. మధ్యలో తప్పదనుకుంటే పాత నెమ్మది ఛార్జర్ వాడండి. వైర్‌లెస్ ఛార్జర్ వద్దు, అది ఇంకా వేడెక్కిస్తుంది. కవరు తీసి, ఫ్యాన్ గాలి తగిలేచోట, హోమానికీ కిటికీ ఎండకూ దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల చెమ్మ చేరుతుంది.

ఫోన్ చల్లగా ఉంది, బ్యాటరీ ఉంది, అయినా ఆగింది

చాలావరకు స్టోరేజ్ నిండి ఉంటుంది. ఐఫోన్‌లో మామూలు సెట్టింగ్‌తో 4K 60 వీడియో నిమిషానికి సుమారు 400 ఎంబీ తింటుంది. రెండు గంటలకు 48 జీబీ. అదే 1080p 30 అయితే నిమిషానికి 60 ఎంబీ, అంటే రెండు గంటలకు ఏడు జీబీ చిల్లర. బంధువులు ఫోన్లలోనే చూసే వీడియోకి 1080p చాలు, పైగా వేడీ తగ్గుతుంది. ఐఫోన్‌లో `Settings > Camera > Record Video`లో మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో కెమెరా సెట్టింగుల్లోనే ఉంటుంది. అక్కడ ఒక్క నిమిషం తీసి, ఫైల్ సైజు చూసి, గంటలకు లెక్క కట్టుకోండి.

రికార్డింగ్ అయ్యేదాకా ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. లేకపోతే ముహూర్తం వేళకే ఎవరో కాల్ చేస్తారు, చాలా ఫోన్లలో దానితో వీడియో ఆగిపోతుంది.

గుంటూరులో పెద్దమ్మకు లైవ్‌గా చూపించాలంటే

దానికి వేరే ఫోన్ పెట్టండి. ఒకే ఫోన్‌తో రెండు పనులూ చేయించొద్దు. వీడియో కాల్‌కి వైఫై ఉంటే మేలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు మొబైల్ డేటా వాడితే, టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్ ఖర్చుపెట్టి వేడెక్కుతుంది. స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించండి. బ్యాటరీ సేవర్ కూడా వేయొచ్చు, కానీ కొన్ని ఫోన్లలో అది వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంది. కాబట్టి కాల్ నడిచేటప్పుడు వేరే యాప్‌లోకి వెళ్లకండి.