పశ్చిమాఫ్రికా లయ, 3వ పాఠం: పాదానికి నాలుగు, గంటకు ఏడు

కిందటి పాఠంలో ఆరు మాత్రల్లో పాదం 1, 4 మీద, చప్పట్లు 1, 3, 5 మీద వేశాం. అది తడబడకుండా వస్తుంటేనే ముందుకు రండి. ఈసారి ఘనా, టోగో ప్రాంతంలోని ఎవే ప్రజల అగ్బాజా నాట్యంలో మోగే గంట. దాని పేరు గాంకోగుయి. చిన్నదీ పెద్దదీ రెండు ఇనుప గంటలు ఒకే పిడికి కలిసి ఉంటాయి, పుల్లతో కొడతారు.

"తకిట" నాలుగుసార్లు అనండి, 12 మాత్రలవుతాయి. ప్రతి "త" మీద పాదం వేయండి. గంట బదులు చప్పట్లు చాలు.

```
మాత్ర  1 2 3 4 5 6 7 8 9 10 11 12
పాదం   x . . x . . x . . x  .  .
గంట    x . x . x x . x . x  .  x
```

ఏడు దెబ్బలనూ బట్టీపట్టకండి. గంట 1, 3, 5 అంటూ బేసి మాత్రల మీద నడిచి, 5 తర్వాత ఆగకుండా 6కి దూకి సరి మాత్రల్లోకి మారుతుంది. 8, 10, 12 అయ్యాక మళ్లీ 1కి దూకుతుంది. ఈ రెండు దూకుళ్లు పట్టుబడితే మిగతాదంతా రెండేసి మాత్రల నడకే. పాదం మాత్రం ఒకటి బేసి, ఒకటి సరి. అందుకే రెండూ కలిసేది 1, 10 మీద మాత్రమే.

పాశ్చాత్య సంగీతానికి అలవాటుపడిన చెవి ఇక్కడే చిక్కుకుంటుంది. అక్కడ 12 మాత్రల కొలతలో 1 బలమైనది, 7 దాని తర్వాతది, మధ్యవన్నీ బలహీనం. వాద్యం సాధారణంగా ఆ బలాన్నే చాటుతుంది. ఎవే మేళంలో 4, 7 మీద గంట మౌనంగా ఉంటుంది, అయినా అవి బలహీనం కావు. నర్తకుల పాదాలు వాటి మీదే పడుతున్నాయి. 1959లో సంగీత పరిశోధకుడు ఎ.ఎం. జోన్స్ ఈ సంగీతాన్ని రాసినప్పుడు, కొలత ఎక్కడ మొదలవుతుందో చూపే తాళగీతలను ఒక్కో వాద్యానికి ఒక్కోచోట గీశారు. అలా కాదు, అందరికీ కొలత ఒకటే, అది నాట్యంలో ఉందని ఘనా పండితుడు కోఫీ అగావు వాదించారు. పాదం వేస్తూ కొట్టిచూస్తే నాకూ అదే నిజమనిపిస్తుంది.

సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది: పాదం గంటవైపు జారిపోతుంది. 4 మీద పడాల్సింది 5 మీద, 7 మీద పడాల్సింది 8 మీద పడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. 3, 5 చప్పట్ల మధ్య, 6, 8 చప్పట్ల మధ్య పాదం చప్పుడు ఒంటరిగా వినిపించాలి. వినిపించకపోతే చప్పట్లు ఆపి, పాదం ఆపకుండా, "తకిట" పలుకుతూ ఉండండి. పాదం కుదుటపడ్డాక 5, 6 రెండు దెబ్బలే వేయండి, వెంటనే 7 మీద పాదం పడాలి. అది కుదిరాక ఒక్కో దెబ్బ కలపండి.

వచ్చే పాఠంలో కగాను అనే చిన్న డోలు. అది పాదం పడిన మాత్ర వదిలేసి, తర్వాతి రెండు మాత్రల మీద మోగుతుంది. ఈలోగా పాదం వేస్తూ "కిట, కిట" మాత్రమే పైకి పలకండి, "త"ని మనసులో అనుకోండి.