క్రేయాన్ తురుముతో శిలాచక్రం: రాయి ఎలా పుడుతుందో, ఎలా మారుతుందో పిల్లలకు చూపించడం ఎలా?

శిలాచక్రం బొమ్మను చూసిన పిల్లలు తరచుగా ఒక పొరపాటు అర్థంలో స్థిరపడిపోతారు. అగ్నిశిల ముందుగా అవక్షేప శిలగా, తరువాత రూపాంతర శిలగా మారి, చివరకు కరిగి మళ్లీ అగ్నిశిల అవుతుందనీ, ఈ వరుస ఎప్పటికీ తప్పదనీ వారు అనుకుంటారు. నిజానికి అటువంటి వరుస లేదు. అగ్నిశిల పైకి రాకుండానే లోతులో వేడికీ ఒత్తిడికీ గురై నేరుగా రూపాంతర శిల కావచ్చు. రూపాంతర శిల కరగకుండానే పైకి తేలి, వానకూ గాలికీ అరిగి ఇసుకగా మారవచ్చు. ఏ రాయి ఏ దారిన పోతుందో దానికి ఎదురైన పరిస్థితులే నిర్ణయిస్తాయి. మైనపు క్రేయాన్ల తురుముతో చేసే ఈ ప్రయోగంలో ఆ సంగతిని పిల్లలు తమ చేతులతోనే తెలుసుకోగలరు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది సరిపోతుంది, రెండు పీరియడ్లలో పూర్తవుతుంది.

కావలసినవి

నలుగురు పిల్లల జట్టుకు నాలుగు రంగుల మైనపు క్రేయాన్లు, ఒక్కో రంగువి రెండు చొప్పున కావాలి. ప్లాస్టిక్ క్రేయాన్లు ఈ వేడికి కరగవు, ఆయిల్ పాస్టెళ్లు చేతికి జిడ్డుగా అంటుకుని పొరలుగా నిలవవు కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. ముదురు రంగులు, లేత రంగులు కలిపి ఎంచుకుంటే పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. వీటితో పాటు సుమారు 20 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం ఫాయిల్ ముక్కలు, పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్లు, ఒక తురుముపీట, రెండు స్టీలు గిన్నెలు, పట్టకారు, బరువైన పుస్తకాలు, కింద పరచడానికి పాత వార్తాపత్రికలు సిద్ధం చేసుకోవాలి. మరిగే నీటితో చేసే పనులన్నీ ఉపాధ్యాయుడు లేదా పెద్దవారే చేయాలి. కొవ్వొత్తి మంట మీద గానీ నేరుగా పొయ్యి మీద గానీ మైనాన్ని వేడి చేయకూడదు, ఎందుకంటే మితిమీరి కాగిన మైనం అంటుకుంటుంది. మే నెల మధ్యాహ్నాల్లో తురుము దానంతటదే అతుక్కుపోతుంది కాబట్టి వేసవిలో ఈ పాఠాన్ని ఉదయం పూట పెట్టుకోవడం మంచిది.

మొదటి దశ: రాయిని అరగదీయడం

క్రేయాన్ల కాగితం తీసివేసి, ఒక్కో రంగును విడివిడిగా తురమాలి. షార్ప్‌నర్‌తో పలుచని రేకులు వస్తాయి, తురుముపీటతో సన్నని రవ్వ వస్తుంది. రెండూ ఉండనివ్వాలి, నదిలోనూ అన్ని రేణువులూ ఒకే పరిమాణంలో ఉండవు. రాయి ఉన్నచోటనే పగిలి ముక్కలు కావడం శైథిల్యం. ఆ ముక్కలను నీరో గాలో అరగదీసి మరో చోటికి మోసుకుపోవడం క్రమక్షయం. పిల్లలు తురమడం మొదటిది, ఆ తురుమును ఫాయిల్ మీదికి చేర్చడం రెండవది. ఈ రెండు మాటలనూ అక్కడికక్కడే, చేస్తున్న పనితో జతచేసి చెప్పాలి.

ఇక్కడే ఈ నమూనా చూపలేని విషయం ఒకటి ఉంది. ప్రకృతిలో రాయి విరగడమే కాదు, రసాయనికంగా కూడా మారుతుంది. విశాఖపట్నం చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ అనే రాయిని చూస్తే, అందులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం వాన నీటికి క్రమంగా బంకమట్టిగా మారిపోతుంది, క్వార్ట్జ్, గార్నెట్ రేణువులు మాత్రం గట్టిగా మిగులుతాయి. భీమిలి వైపు తీరంలో ఇసుక మీద కనిపించే ఎర్రని చారల్లో ఉన్నవి చాలావరకు ఈ గార్నెట్లే. మైనం ఇలా మారదు. అది ఎంత తురిమినా మైనమే.

రెండవ దశ: పొరలు పేర్చి నొక్కడం

ఫాయిల్ మధ్యలో ఒక రంగు తురుమును సుమారు ఒక సెంటీమీటరు మందాన పరచి, దాని మీద రెండవ రంగును, ఆపై మూడు, నాలుగు రంగులను అదే విధంగా పరచాలి. పొరల వరుసను నోటుపుస్తకంలో రాసుకోమనాలి. అన్నిటికంటే కింద ఉన్న పొరే అన్నిటికంటే పాతది అన్న సూత్రం ఇక్కడ వారికి చెప్పకుండానే అర్థమవుతుంది. తరువాత ఫాయిల్‌ను నాలుగు వైపులా మడిచి, ముందు అరచేతితో, ఆపై పుస్తకాల బరువుతో రెండు నిమిషాలు నొక్కాలి.

విప్పి చూస్తే నాలుగు సెంటీమీటర్ల తురుము ఒక సెంటీమీటరు కంటే పలుచని పలకగా మారి ఉంటుంది. దానిని మధ్యకు విరిచి, విరిగిన అంచును చూడాలి. రంగులు కలవకుండా పొరలుగా ఉంటాయి, మధ్యలో సన్నని ఖాళీలు కనిపిస్తాయి, గోటితో గీరితే రవ్వ రాలుతుంది. అవక్షేప శిల లక్షణాలు ఇవే. సింగరేణి బొగ్గు పొరలకు పైనా కిందా ఉన్న ఇసుకరాళ్లు ఇలాగే పొరల మీద పొరలుగా ఏర్పడ్డాయి. అయితే అసలు రాయిలో రేణువులను అతికించేది ఒత్తిడి ఒక్కటే కాదు, వాటి మధ్య ఇంకిన నీటిలోని సున్నం, సిలికా వంటి పదార్థాలు కూడా గట్టిపడి అతుకుగా పనిచేస్తాయి. పలక పొడిపొడిగా విడిపోతే తురుము మరీ ముతకగా ఉందని అర్థం, కొంత సన్నని రవ్వ చేర్చి మళ్లీ నొక్కాలి.

ఈ పలకలో పావు వంతును విరిచి పేరు రాసి దాచాలి. తరువాతి ప్రతి దశలోనూ ఒక ముక్క దాచుకుంటూ పోతేనే చివర్లో పోల్చి చూడటానికి వీలవుతుంది.

మూడవ దశ: కరగనివ్వకుండా వేడిచేయడం

ఈ ప్రయోగం చాలాచోట్ల చెడేది ఈ దశలోనే. రూపాంతర శిల అంటే కరిగి గట్టిపడిన రాయి కాదు. ఘనస్థితిలో ఉండగానే, వేడికీ ఒత్తిడికీ లోపలి అమరిక మారిన రాయి. మరిగే నీటిలో వేస్తే మైనం క్షణాల్లో కరిగి, రూపాంతర శిలను చూపే అవకాశమే పోతుంది. అందుకని ఒక పాలు మరిగిన నీటికి రెండు పాళ్లు మామూలు నీరు కలపాలి. నీరు సుమారు 50 డిగ్రీల దగ్గరకు వస్తుంది. మైనపు క్రేయాన్లు చాలావరకు ఆ వేడికి మెత్తబడతాయి గానీ కారిపోవు. మిగిలిన పలకలో సగాన్ని కొత్త ఫాయిల్‌లో నీరు చొరబడకుండా చుట్టి ఒక నిమిషం పాటు ఆ నీటిలో ఉంచి, పట్టకారుతో తీసి, గుడ్డ చుట్టి వెంటనే పుస్తకం కింద గట్టిగా నొక్కాలి. ఫాయిల్ లోపల మైనం ద్రవంగా కదులుతున్నట్టు అనిపిస్తే వేడి ఎక్కువైందని గ్రహించి, నీటిని చల్లార్చి మరో ముక్కతో చేయాలి. పలకలో ఏ మార్పూ లేకపోతే కొంచెం వేడినీరు కలపాలి.

చల్లారాక విరిచి చూస్తే ఖాళీలు మాయమై ఉంటాయి, రవ్వ రాలదు, రంగులు పలుచని పట్టీలుగా సాగి ఉంటాయి. ఒక జట్టు చేత పైనుంచి కాకుండా రెండు పక్కల నుంచీ నొక్కించండి. అప్పుడు పట్టీలు మడతలు పడతాయి. తూర్పు కనుమల రాళ్లలో కనిపించే ముడుతలు కూడా ఇలా పక్కల నుంచి వచ్చిన ఒత్తిడి వల్ల ఏర్పడినవే.

పైన చెప్పిన ఖోండలైట్ కథను ఇక్కడ పూర్తి చేయవచ్చు. అది ఒకప్పుడు నీటి అడుగున చేరిన బంకమన్ను. దాని మీద మరిన్ని పొరలు పడి, భూఫలకాలు ఢీకొని, అది ఎన్నో కిలోమీటర్ల లోతుకు చేరి, సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట 800 డిగ్రీలు దాటిన వేడికి గురైంది. అంత వేడికి కొంత భాగం కరిగినా, ఎక్కువ భాగం ఘనంగానే ఉండి, మట్టిలోని ఖనిజాలు ఒకదానితో ఒకటి చర్య జరిపి గార్నెట్, సిలిమనైట్ వంటి కొత్త ఖనిజాలు పుట్టాయి. కొత్త ఖనిజం పుట్టడం అన్నది క్రేయాన్ చూపలేదు, అది రంగులను సాగదీయగలదు అంతే. ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పాలి, లేకపోతే రూపాంతరం అంటే పొరలు వంగడమేనని వారు అనుకుంటారు.

నాలుగవ దశ: కరిగించి చల్లార్చడం

రెండు మడతల ఫాయిల్‌తో అంచులు ఎత్తుగా ఉన్న రెండు చిన్న దొప్పలు చేసి, దాచిన వాటిని పక్కన ఉంచి, మిగిలిన ముక్కలను సమంగా పంచి వేయాలి. పొయ్యి మీద నుంచి దింపిన మరిగే నీటి గిన్నెలో ఆ దొప్పలను తేలేలా ఉంచితే కొద్ది నిమిషాల్లో మైనం పూర్తిగా కరుగుతుంది. గింజ కూడా మిగలకుండా, రంగులు కలిసి మెరుస్తున్నప్పుడు అది శిలాద్రవానికి నమూనా. ఒక దొప్పను చల్లని నీటి మీద, మరొక దానిని గుడ్డ చుట్టి బల్ల మీద ఉంచి చల్లారనివ్వాలి. చల్లారాక ఏ దానిలోనూ పొరలు ఉండవు.

అసలు రాళ్లలో చల్లారే వేగాన్ని బట్టి స్ఫటికాల పరిమాణం మారుతుంది. హైదరాబాద్ బండరాళ్లయిన గ్రానైట్ భూమి లోతున చాలా నెమ్మదిగా చల్లారింది కాబట్టి అందులోని గింజలు కంటికి విడివిడిగా కనిపిస్తాయి. వికారాబాద్ ప్రాంతంలోని బసాల్ట్, దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల కిందట పొంగిన లావా నేల మీద త్వరగా గట్టిపడటం వల్ల ఏర్పడింది కాబట్టి దాని గింజలు కంటికి ఆనవు. మైనంలో ఈ తేడా స్పష్టంగా కనిపించదు. అందువల్ల ఒక గ్రానైట్ ముక్కనూ ఒక బసాల్ట్ కంకరరాయినీ తెచ్చి పక్కన పెట్టి భూతద్దంతో చూపించాలి. బసాల్ట్ దొరకకపోతే రోడ్డు పనుల దగ్గర నల్ల కంకర కోసం వెతకవచ్చు, అయితే నల్లగా ఉన్న ప్రతి కంకరా బసాల్ట్ కాదు.

ఐదవ దశ: చీటీలతో దారి మార్చడం

మొదట చెప్పిన పొరపాటు తొలగేది ఇక్కడే కాబట్టి దీనికి కనీసం 20 నిమిషాలు మిగుల్చుకోవాలి. ‘తురుము’, ‘వేడిచేసి నొక్కు’, ‘కరిగించు’ అని రాసిన చీటీలు కలిపి, ప్రతి జట్టు చేతా తన దగ్గర ఉన్న ఏదో ఒక ముక్కకు ఒక చీటీ తీయించాలి. ఉదాహరణకు ఒక జట్టు చేతిలో కరిగి గట్టిపడిన ముక్క ఉండగా ‘వేడిచేసి నొక్కు’ వచ్చిందనుకుందాం. అది తురుముగా మారకుండానే రూపాంతర శిల అవుతుంది. మరో జట్టుకు పట్టీలున్న ముక్కకు ‘తురుము’ వస్తే, వారు చేస్తున్నది ఖోండలైట్ కొండ అరిగి తీరంలో ఇసుకగా చేరడమే. విశాఖకూ భీమిలికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు అలా చేరి, ఇంకా పూర్తిగా రాయిగా గట్టిపడని అవక్షేపం.

ప్రతి జట్టూ తన ముక్క నడిచిన దారిని నల్లబల్ల మీద బాణాలతో గీయాలి. అన్ని జట్లూ గీశాక అక్కడ కనిపించేది గుండ్రని చక్రం కాదు, మూడు రకాల శిలల మధ్య అటూ ఇటూ, ఒక్కోసారి తన నుంచి తనకే తిరిగే బాణాల వల. పాఠ్యపుస్తకంలోని బొమ్మను అప్పుడు తెరిపించి, అందులో లేని బాణాలను పిల్లల చేతనే పెన్సిల్‌తో గీయించాలి. మిగిలిన కరిగిన మైనాన్ని సింకులో పోస్తే గొట్టంలో గడ్డకడుతుంది కాబట్టి ఫాయిల్‌లోనే గట్టిపడనిచ్చి, మరుసటి తరగతి తురమడానికి దాచుకోవచ్చు.